కింది గేటు వైపు ముఖం

ఆ నడవలో బోర్డు వేలాడదీయడానికి ఉన్న జాగా చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పైన సిమెంటు దూలం, దాని కింద వార్డులకు పోయే ఆక్సిజన్ గొట్టాలు. ఆ గొట్టాల కిందే బోర్డు వేలాడాలి. మరీ కిందికి దింపుదామంటే, సెలైన్ సీసా తగిలించిన స్టాండుతో రోగుల బండి వచ్చిందంటే సీసా బోర్డుకు కొట్టుకుంటుంది. పక్కలకు పెంచుదామంటే రెండు వైపులా స్తంభాలు. మిగిలింది జానెడున్నర ఎత్తు, రెండు బారల పొడవు. అందులో రెండు చోట్లకు దారి చూపించాలి. ఒకటి అత్యవసర చికిత్స విభాగం, రెండోది క్లినిక్‌లు. రెండు పేర్లు, మూడు భాషలు. అంటే ఆరు వరుసలు.

"మిస్, ఆరు వరుసలు ఇందులో పట్టిస్తాను గానీ, చదవడానికి నిచ్చెన కూడా మీరే ఇవ్వాలి" అన్నాడు తిలకసిరి. పట్టణంలో బోర్డులు చేసే దుకాణం అతనిదే. టేపు మెడలో వేసుకుని నిలబడ్డాడు.

లోగనాయకి నవ్వలేదు. ఆసుపత్రిలో అనువాదాల పని ఆమెది. నోటీసులు, రోగుల అర్జీలు, మందుల చీటీల మీద సూచనలు, అన్నీ సింహళం నుంచి తమిళంలోకి, తమిళం నుంచి సింహళంలోకి ఆమె చేతి మీదుగానే పోవాలి. కొత్త బోర్డుల మీద తమిళం సరిగ్గా ఉందని సంతకం పెట్టాల్సిందీ ఆమే. ఆమె సంతకం పెట్టదలచుకున్నది వర్ణక్రమానికి కాదు, అక్షరం ఎత్తుకు. చుట్టూ కొండల మీద తేయాకు తోటలు. ఆ తోటల నుంచి వచ్చే తమిళ ముసలివాళ్లకు కళ్లలో పొరలు. ఆమె తండ్రి కూడా అలాగే ఒకప్పుడు ఇదే ఆసుపత్రిలో దగ్గుతూ తప్పుడు వరుసలో పూటంతా నిలబడి, తన వంతు వచ్చాక ఇది పళ్ల డాక్టరు గది అని తెలుసుకుని, ఏమీ అనకుండా లారీ ఎక్కి ఇంటికి వెళ్లిపోయాడు. గోడ మీద తమిళం అప్పుడూ ఉంది. చీమ తలకాయంత ఉంది.

"తమిళం పక్కకు సాగుతుంది" తిలకసిరి వివరించాడు. "మా సింహళం పైకీ కిందికీ పోతుంది. పైన కొమ్ములు, కింద తోకలు. వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ లేకపోతే పై వరుస తోక కింది వరుస తల మీద కూర్చుంటుంది. ఇంగ్లిషొక్కటే బుద్ధిమంతుడిలా ఉన్నచోట ఉంటుంది."

"తమిళాన్ని పక్కల నుంచి నొక్కుతారుగా మీరంతా. ఆ పని చెయ్యొద్దు."

"నొక్కకపోతే స్తంభంలోకి పోతుంది మిస్."

"నొక్కితే అక్షరంలో కన్నాలు మూసుకుపోతాయి. పది అడుగుల దూరం నుంచి నల్లటి ముద్దలా కనపడుతుంది. మీ అక్షరాలను అలా నొక్కుతారా?"

తిలకసిరి చెవి గోక్కున్నాడు. "మాది నొక్కకూడదని రూలే ఉంది కదా" అన్నాడు, మొహమాటంగానే.

రూలు అలా అనలేదు. మూడు భాషలూ ఒకే ఎత్తులో ఉండాలంది. సింహళం పైన, తమిళం మధ్యన, ఇంగ్లిషు కింద. రూలు రాసినవాళ్లెవరూ ఈ నడవలో దూలం కింద నిలబడి రాయలేదు, అది వాళ్ల అదృష్టం.

తిలకసిరి కాగితం మీద ఆరు వరుసలు అచ్చు తీసి తెచ్చాడు. దాన్ని తాడుతో కట్టి వేలాడదీసి, ఊడ్చే పని చేసే మారియాయిని లోగనాయకి దూరంగా కింది గేటు దగ్గర నిలబెట్టింది. మారియాయి కళ్లు చికిలించింది, తల అటూ ఇటూ తిప్పింది, చివరికి చేతిలో చీపురు ఎత్తి అరిచింది. "ఏదో రాశారమ్మా! చాలా రాశారు!"

అక్కడున్న నర్సులంతా పకపకా నవ్వారు. లోగనాయకి మాత్రం తాడు విప్పి కాగితం చుట్టేసింది.

ఆ సాయంత్రమే ఆమెకు ఉపాయం తట్టింది. బోర్డుకు రెండు ముఖాలున్నాయి. ఈ నడవ కింది గేటు నుంచి పై గేటు దాకా తిన్నగా పోతుంది. కింది గేటు దగ్గర బస్సులు, తోటల లారీలు ఆగుతాయి. తోటల వాళ్లంతా అటు నుంచే వస్తారు. పై గేటు దగ్గర ఆటోలు, కార్లు. పట్టణం వాళ్లు, చుట్టుపక్కల సింహళ పల్లెల వాళ్లు అటు నుంచి వస్తారు. ఆ ఊళ్లో ఇది ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి. అలాంటప్పుడు ఒక్కో ముఖం మీద మూడు భాషలూ ఎందుకు? కింది గేటు వైపు ముఖం మీద తమిళం, ఇంగ్లిషు. పై గేటు వైపు ముఖం మీద సింహళం, ఇంగ్లిషు. వరుసలు నాలుగే. పైగా ఇంగ్లిషును అదే వరుసలో బాణాల పక్కన సర్దితే వరుసలు రెండే, మిగతా జాగా అంతా పెద్దక్షరాలకు దక్కుతుంది.

డైరెక్టర్ డాక్టర్ హపుగొడ బొమ్మ చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. మంచివాడే, తొందర ఎక్కువ. నెలాఖరులో కొత్త విభాగం తెరవడానికి మంత్రిగారు వస్తున్నారు.

"మరి రూలు?" అన్నాడు.

"ఒకే బోర్డు మీద మూడు భాషలూ ఉన్నాయి సార్. మూడూ ఒకే ఎత్తులో ఉన్నాయి. కాకపోతే రెండు ముఖాల మీద ఉన్నాయి."

"అవునే!" ఆయన ముఖం వికసించింది. "ఎవరైనా వేరే గేటు నుంచి వస్తే?"

"ఎవరి గేటు వాళ్లది సార్ ఇక్కడ. మీకు తెలియనిదేముంది?"

ఆయనకు తెలుసు, అందరికీ తెలుసు. ఆయన సంతకం పెట్టాడు, ఆమె సంతకం పెట్టింది. బోర్డు వేలాడింది. ఈసారి మారియాయి గేటు దగ్గర నిలబడి, చీపురు చంకన పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గట్టిగా చదివింది. చదివి, తన గొంతుకు తనే సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోగనాయకి ఆ రోజు ఇంటికి పోతూ దారిలో మిఠాయి కొనుక్కుంది. అంత సంతోషం ఆమెకు ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు. అది దాచుకోవాల్సిన సంగతేమీ కాదు.

ప్రతి పున్నమికీ అక్కడ ప్రభుత్వ సెలవు, ఆ రోజు క్లినిక్‌లు మూసి ఉంటాయి. తోటల్లో మాత్రం సెలవునాడు రోజుకూలికి ఆకు కోయిస్తారు. ఆ కూలికి తమిళులే కాదు, కింద పల్లెల నుంచి సింహళ ఆడవాళ్లూ కొండెక్కి వస్తున్నారు ఈ మధ్య. అలా వచ్చినవాళ్లలో బిసోమెణికె ఒకతె. మొగుడు హీన్ బండా ఆమె కోసిన ఆకు మోస్తాడు. ఇద్దరూ అరవైకి దగ్గర పడ్డవాళ్లు.

బోర్డు వేలాడాక వచ్చిన పున్నమి పొద్దున ఎవరి చెయ్యో పొదలో కందిరీగల తుట్టెకు తగిలింది. ఒక్కసారిగా మబ్బులా లేచాయి. స్పృహ తప్పినవాళ్లను, ముఖాలు ఉబ్బినవాళ్లను తోట లారీలో వేసుకుని డ్రైవర్ చెల్లదురై మొదటిసారి ఆసుపత్రి దగ్గర దించి వెళ్లాడు. వాళ్లతో పాటు కింది గేటు కాపలావాడు, నడవలో ఉన్న ఆయాలు, అందరూ బండ్లు తోసుకుంటూ లోపలికి పోయారు. బిసోమెణికెకు కుట్టింది నాలుగైదు చోట్లే. "నాకేం కాలేదు, ముందు పిల్లలున్నవాళ్లను పంపండి" అని ఆమే వెనక ఆగింది. రెండోసారి లారీ వచ్చేసరికి ఆమెకు ఊపిరి ఈలలా వినిపిస్తోంది. లారీ కొండ దిగుతుండగా పెదాలు నీలంగా మారాయి.

తర్వాత ఏం జరిగిందో లోగనాయకి ముక్కలు ముక్కలుగా విన్నది. చెల్లదురై ఆ మొగుడూ పెళ్లాలను కింది గేటు దగ్గర దించాడు. కొండ మీద ఇంకా మనుషులున్నారు, వెంటనే తిరిగి పోవాలి. అప్పుడే వాన అందుకుంది, రేకుల కప్పు మీద దబదబా మోత. గేటు దగ్గర నరపురుగు లేదు. హీన్ బండా పెళ్లాన్ని భుజం మీద వేసుకుని నడవలోకి పరుగెత్తాడు. బోర్డు కింద ఆగాడు. రెండు వరుసలు, రెండు బాణాలు. తమిళమూ ఇంగ్లిషూ అతనికి రావు. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. అరిచాడు. వానలో ఎవరికీ వినపడలేదు. కుడికి వెళ్లాడు.

కుడి వైపు క్లినిక్‌లు. తలుపు తర్వాత తలుపు తాళాలు. ఒక్కో తలుపూ కాలితో తన్నాడట. తిరిగి నడవలోకి వచ్చి, ఎవరో ఒకరు దొరుకుతారని పై గేటు వైపు పోయాడు. సెలవునాడు అక్కడా ఎవరూ లేక వెనక్కి తిరిగాడు. తిరిగినప్పుడు బోర్డు రెండో ముఖం కనపడింది. అక్కడ వాళ్ల భాషలో, పెద్ద పెద్ద అక్షరాలతో, అత్యవసర చికిత్స ఎటో రాసి ఉంది.

అతను చేరేసరికి ఆమె గుండె ఆగిపోయింది. ఒక సూదిమందు ఇస్తే నిలిచేదే అని లోపల డాక్టరమ్మ ఏడ్చిందట. కుట్టించుకుని వచ్చిన మిగతావాళ్లు అందరూ బతికారు. తర్వాతి లారీలో వచ్చిన తోట తమిళులు బోర్డు చదువుకుని ఎడమకు తిరిగారు.

మర్నాడు ఎవరో కింది గేటు వైపు ముఖాన్ని ఫోనులో ఫొటో తీసి లోకమంతా పంచారు. మన దేశంలో మన ఆసుపత్రిలో మన అక్షరం లేదని కింద రాశారు. రెండో ముఖాన్ని ఫొటో తియ్యడానికి మాత్రం ఎవరికీ పది అడుగులు నడిచే తీరిక లేకపోయింది. పై గేటు దగ్గర జనం మూగారు. బోర్డు పెట్టింది ఒక తమిళ మిస్ అని కూడా ఎవరో చెప్పారు.

డైరెక్టర్ ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "బోర్డు తీయించేశాను. నువ్వు ఎవరితోనూ ఏమీ మాట్లాడకు. నేనూ మాట్లాడను."

"సార్, కొత్తది...?"

"ఆరు వరుసలు. ఒక్కో ముఖం మీద ఆరూ, రెండు వైపులా. రూలులో ఎలా ఉంటే అలా."

"ఎవరూ చదవలేరు సార్. ఆరు వరుసలైతే ఆ రోజు ఆయన కూడా చదవలేకపోయేవాడు."

"చదవలేకపోతే చదవలేకపోయాడు. మనల్ని అనేవాడు ఉండడు." ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు ఆయన కిటికీ వైపు తిరిగాడు. "వెళ్లు. రేపు మరణ విచారణ ఉంది. ఆ లారీ డ్రైవరు వాంగ్మూలం తమిళంలో ఇస్తాడట. అనువాదానికి ఈ ఆసుపత్రిలో నువ్వు తప్ప ఎవరున్నారు?"

ఆమె గది నుంచి బయటికి వచ్చింది. జబ్బు చేసిందని చెప్పి ఇంట్లో పడుకోవచ్చు. పక్క పట్టణం నుంచి ఎవరినో పిలిపించుకుంటారు, విచారణ నాలుగు రోజులు వాయిదా పడుతుంది, ఆ నాలుగు రోజులూ బిసోమెణికె మార్చురీలో ఉంటుంది. ఆ లెక్క ఆమె తెల్లవార్లూ వేసుకుని పొద్దున్నే తలస్నానం చేసి వచ్చింది.

మార్చురీకి ఆనుకుని ఉన్న చిన్న గదిలో విచారణ. బల్ల వెనక విచారణాధికారి, పంచె కట్టిన పెద్దమనిషి, రాసుకుంటున్నాడు. గోడ పక్క బెంచీ మీద హీన్ బండా. తెల్ల చొక్కా, ఎవరిదో అరువు తెచ్చింది కాబోలు, చేతులు పొట్టిగా ఉన్నాయి. మెడ మీద కందిరీగ కుట్టిన వాపు ఇంకా తగ్గలేదు. డైరెక్టర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. లోగనాయకి బల్లకూ బెంచీకీ మధ్య నిలబడింది.

చెల్లదురై లోపలికి వచ్చి ఆమెను చూసి ప్రాణం లేచొచ్చినట్టు, "అక్కా, నువ్వేనా! నాకు సింహళం బజారు బేరానికి సరిపోతుంది గానీ దీనికి చాలదక్కా. కాస్త సరిగ్గా చెప్పు" అన్నాడు.

"నువ్వు చెప్పు. నేను చెప్తాను" అంది.

అతను చెప్పాడు. తుట్టె, మొదటి లారీ, రెండో లారీ. ఒక్కో వాక్యం అతను తమిళంలో అనడం, ఆమె సింహళంలో చెప్పడం, అధికారి రాసుకోవడం. ఇది ఆమెకు అలవాటైన పనే. మాట ఒక చెవిలో పడితే రెండో భాషలో నోటి నుంచి వచ్చేస్తుంది, మధ్యలో మనసు అక్కర్లేదు. అలాగే జరిగిపోతే బాగుండునని ఆమె కోరుకుంది.

"గేటు దగ్గర దించాక ఏం చేశావు?" అడిగాడు అధికారి.

చెల్లదురై నుదురు తుడుచుకున్నాడు. "లోపలికి నేనూ పోదామనుకున్నానక్కా. పైన ఇంకో గట్టు మీద రాసమ్మ పడి ఉందని బయల్దేరాకే తెలిసింది, చిన్నపిల్ల తల్లి. అప్పుడు బోర్డు చూశాను. అంత దూరం నుంచి తెల్లగా కనపడుతోంది, గుడ్డివాడికైనా కనపడేటంత పెద్దగా ఉంది. ఇదివరకు ఇక్కడ అలాంటిది లేదు. అదిగో తాతా, బోర్డు ఉంది, చూసుకుని పో అన్నాను. నాకు వచ్చిన సింహళంలోనే అన్నాను. ఎడమకు పో అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. చదివింది నేను. ఆయన చదవలేడని నాకు తట్టనే లేదు. రాసి ఉంది కదా అనుకున్నాను."

అధికారి అనువాదం కోసం ఆమె వైపు చూశాడు. చెల్లదురై చెప్పిందాంట్లో సగం వదిలేసినా అధికారికి తెలియదు. "బోర్డు చూపించి కొండకు తిరిగి వెళ్లాను" అంటే చాలు, అబద్ధం కూడా కాదు. డైరెక్టర్ తలుపు దగ్గర నుంచి ఆమె వైపే చూస్తున్నాడు, ఆ మాత్రం తమిళం ఆయనకూ అర్థమవుతుంది.

ఆమె మొత్తం చెప్పింది. గుడ్డివాడికైనా కనపడేటంత పెద్దగా ఉందన్నది చెప్పింది. ఎడమకు అన్న ఒక్క ముక్క చెప్పింది. రాసి ఉంది కదా అనుకున్నాడని చెప్పింది. చెప్పి ఆగలేదు. "ఆ బోర్డు అలా పెట్టించింది నేను. ఒక్కో వైపు ఒక్కో భాష పెడితే అక్షరాలు పెద్దవవుతాయని నేనే చెప్పాను. కింది గేటు నుంచి మీలాంటివారు వస్తారని నేను ఆలోచించలేదు" అంది. అది అధికారికి చెప్పలేదు. బెంచీ వైపు తిరిగి చెప్పింది.

అధికారి కలం ఎత్తాడు. "ఇది డ్రైవరు అన్నాడా?"

"లేదు సార్. నేనంటున్నాను."

"మిస్, మిమ్మల్ని సాక్షిగా పిలవలేదు. అనువాదకురాలు సొంత మాట చెప్పకూడదు." ఆయన కసురుకోలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "డ్రైవరు మాట దాకా రాసుకున్నాను. అక్కడితో సరి."

"రాయండి సార్. దయచేసి."

"కందిరీగలు కుట్టి చనిపోయింది. డాక్టరు కాగితంలో అదే ఉంది. కందిరీగలకు బోర్డులేంటమ్మా?"

డైరెక్టర్ గట్టిగా ఊపిరి వదలడం ఆమెకు వినపడింది.

చెల్లదురై ఆమె కొంగు పట్టుకుని లాగినంత పని చేశాడు. "అక్కా, ఏమంటున్నాడు? నా మీద కేసా? నేనేమైనా తప్పు మాట్లాడానా?"

"లేదు తమ్ముడూ. నీ తప్పేమీ లేదు. వెళ్లి సంతకం పెట్టు" అంది తమిళంలో. చెల్లదురై తల వంచుకుని, హీన్ బండా ముందు ఒక్క క్షణం చేతులు జోడించి, బల్ల దగ్గరకు పోయాడు.

అధికారి హీన్ బండాను అడిగాడు, ఎవరి మీదైనా అనుమానం ఉందా, ఎవరి మీదైనా ఫిర్యాదు ఉందా అని. అతను లోగనాయకి వైపు తిరిగి అన్నాడు. "అక్షరాలు బాగానే ఉన్నాయి తల్లీ. పెద్దగా ఉన్నాయి. నాకు చూపు లేక కాదు. అవి నావి కావు, అంతే."

ఆమె తల ఎత్తలేకపోయింది.

"తిరిగొస్తుంటే మావి కనపడ్డాయి" అన్నాడు అతను. "అవీ పెద్దగానే ఉన్నాయి. అప్పటికి ఆవిడ ఈల ఆగిపోయింది. నా భుజం మీదే ఆగిపోయింది. నేను అప్పుడు చదువుకున్నాను. ఒక్కో అక్షరం చదువుకున్నాను."

అధికారి దాన్ని కూడా రాయలేదు. ఫిర్యాదు లేదు అని రాసి కాగితం ముందుకు తోశాడు. హీన్ బండా దాని మీద తన పేరు నెమ్మదిగా, గుండ్రంగా రాశాడు. కాగితాలు సర్దుకుంటూ అధికారి, శవాన్ని ఇప్పించుకోవాలంటే ముందు ఆఫీసు గదికి పోయి స్టాంపు వేయించుకుని, తర్వాత మార్చురీ వెనక తలుపు దగ్గరకు రావాలని చెప్పాడు. డైరెక్టర్ అప్పటికే వెళ్లిపోయాడు.

హీన్ బండా కాగితం పట్టుకుని నడవలోకి వచ్చి నిలబడ్డాడు. లోగనాయకి అతని వెనకే వచ్చింది. దూలం కింద, గొట్టాల పక్కన, రెండు ఇనప కొక్కేలు ఖాళీగా వేలాడుతున్నాయి. నడవలో ఇప్పుడు ఏ భాషలోనూ ఏమీ లేదు. కింది గేటు నుంచి తడిసిన మనుషులు వస్తున్నారు, కనపడినవాళ్లనల్లా ఎటు పోవాలని అడుగుతున్నారు.

"ఆఫీసు గది ఎటు తల్లీ?"

చెయ్యి చూపించబోయి ఆమె ఆగిపోయింది. "రండి. నేను తీసుకెళ్తాను."

అతను ఆమె ముఖంలోకి మొదటిసారి నేరుగా చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. కోపం లేదు. బాగా అలసిపోయిన మనిషి చూపు అది.

"నువ్వు ముందు నడు" అన్నాడు. "నాకు మళ్లీ దారి తప్పే ఓపిక లేదు."

ఆమె ముందు నడిచింది. వెనక అతని చెప్పుల చప్పుడు వినపడుతోందో లేదో అని మలుపు మలుపుకూ ఆగి చూసుకుంది.